అయ్యా, తమరి దయవల్ల 45 రోజులు

"మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది" అనే వాక్యాన్ని ఎవరు కనిపెట్టారో తెలీదు కానీ, ఆ మహానుభావుడికి ఓ దండం. ఇంత తక్కువ మాటల్లో ఇంత గొప్పగా ఏమీ చెప్పకుండా ఉండటం ఇంకెవరివల్లా కాలేదు. అవునని లేదు, కాదని లేదు, ఎప్పటికి తేలుతుందో లేదు, ఎవరు పరిశీలిస్తున్నారో అసలే లేదు. నేను రాజీనామా చేసి, నోటీస్ పీరియడ్‌ని 90 రోజుల నుంచి 45కి తగ్గించమని పద్ధతిగా ఒక మెయిల్ పెట్టుకుంటే, 11 రోజులకి వచ్చిన జవాబు ఇదే. ఈ ఒక్క వాక్యమే. దాని కింద హెచ్ఆర్ మేడమ్ పేరు, హోదా, విభాగం, "కాగితం ఆదా చేయండి" అన్న హితబోధ కలిపి మాత్రం ఆరు లైన్లు ఉన్నాయి.

ఆ 11 రోజులూ నోటీసులోంచే పోయాయని మీకు వేరే చెప్పక్కర్లేదు. 45 రోజులు తగ్గించండి అన్న వినతిని సరిగ్గా 45 రోజులు పరిశీలిస్తే ఇక తగ్గించడానికేం మిగలదు, చేతికి మట్టి అంటకుండా పని అయిపోతుంది. పరిపాలనా దక్షత అంటే అదే కాబోలు.

నా మెయిల్ గురించి నేనే కాస్త గొప్పగా చెప్పుకుంటాను, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. అరపేజీ దాటలేదు. ఒప్పందం ప్రకారం నా ఆఖరి పనిరోజు ఏ తేదీ, నేను కోరుతున్న ఆఖరి పనిరోజు ఏ తేదీ, రెండూ మొదటి రెండు లైన్లలోనే ఉన్నాయి. "వీలైనంత త్వరగా రిలీవ్ చేయగలరు" అని రాస్తే వాళ్లకి వీలైనంత ఆలస్యంగా అర్థమవుతుందని పాత సహోద్యోగి ఒకాయన ముందే చెప్పాడు. ఆ తర్వాత నా చేతిలో ఉన్న పనులు, లెక్కపెడితే ఐదు: నెలాఖరు బిల్లుల సరిచూపు, రాత్రిపూట దానంతట అది నడిచే ఒక ప్రోగ్రాం, క్లయింటుతో వారం వారం ఫోను, ఇంకా చిన్నవి రెండు. ఏ పని ఎవరికి అప్పజెప్పొచ్చు, ఏ తేదీకి రాతకోతలు పూర్తవుతాయి, ఏ నెలాఖరు లెక్క వాళ్లు చేస్తుంటే నేను పక్కన కూర్చుని చూస్తాను, అన్నీ రాశాను. ఎందుకంటే నెలకోసారి వచ్చే పనిని నోటిమాటతో నేర్పలేం, ఒక్క నెలాఖరైనా అవతలివాడి చేత చేయించాలి, ఆ నెలాఖరు నేనడిగిన 45 రోజుల్లోనే పడుతుంది. నా లెక్క అంతా దానిమీదే కట్టాను. ఊరికే తగ్గించడం కుదరకపోతే మిగిలిన సెలవుల్ని నోటీసులో సర్దుకోమన్నాను. ఆపైన, వెళ్లిపోయాక కూడా రెండు వారాలపాటు సాయంత్రం ఓ గంట ఫోన్లో దొరుకుతానన్నాను, ఉచితంగా. చిట్టచివర ఒక లైను: "పై ఏర్పాటు చాలదనుకుంటే, అవసరమైతే, మిగిలిన రోజులకు బైఅవుట్‌కి కూడా సిద్ధం." బైఅవుట్ అంటే, పనిచేయని నోటీసు రోజులకి జీతం మనమే కంపెనీకి కట్టేసి వెళ్లిపోవడం.

ఈ "అవసరమైతే" దగ్గరే నా కొంప మునిగింది.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ రాస్తారు కాబట్టి చెబుతున్నాను. నేను వరస చక్కగా పెట్టాననుకున్నాను. మొదట ఊరికే తగ్గించమని అడగడం, కుదరకపోతే మిగిలిన సెలవులు తీసేసుకోమనడం, అదీ కాకపోతే డబ్బు. మర్యాదస్తుల బేరం అలాగే ఉంటుంది కదా. కానీ ఒకే మెయిల్లో మూడూ పెట్టానే, అది బేరమెలా అవుతుంది? సంతలో ధర అడక్కముందే పర్సు తీసి బల్లమీద పెట్టి "అవసరమైతే ఇది" అన్నట్టు. అవతలివాళ్లు ఐదు పనుల జాబితా చదవలేదు, నెలాఖరు లెక్క చదవలేదు. వాళ్ల కళ్లకి బైఅవుట్ అన్న మాట ఒక్కటే కనబడింది. డబ్బు మాట వాళ్ల నోట వచ్చేదాకా ఆగాల్సింది, ఆగలేదు. అదీకాక నేను బైఅవుట్ అన్నానే గానీ ఏ జీతం మీద అని రాయలేదు. ఆ తప్పు ఖరీదు కాసేపట్లో చెబుతాను.

మరి డబ్బు కట్టేసి వెళ్లిపోవచ్చు కదా అంటారు పక్కింటి పెద్దమనుషులు. వెళ్లిపోవచ్చు, అపాయింట్‌మెంట్ లెటర్ ఒప్పుకుంటే. అందులో రెండు రకాల రాతలుంటాయి. ఒకటి "ఇరుపక్షాల్లో ఎవరైనా 90 రోజుల నోటీసు గానీ, దానికి బదులు జీతం గానీ ఇచ్చి ఒప్పందం ముగించవచ్చు" అని. ఇలా ఉంటే, కనీసం కాగితం మీద, నోటీసా డబ్బా అన్నది మన ఇష్టం. రెండోది "నోటీసుకి బదులు జీతాన్ని అంగీకరించడం సంస్థ విచక్షణకు లోబడి ఉంటుంది" అని. నాది రెండోది. చేరిన రోజు పదిహేను చోట్ల సంతకాలు పెడుతుంటే ఈ విచక్షణ ఎవరి కంట పడుతుంది? అదే పేరాలో ఇంకో వాక్యం కూడా ఉంది, సంస్థ తనంతట తాను ఉద్యోగిని తీసేయాలనుకుంటే నోటీసుకి బదులు జీతం ఇచ్చి వెంటనే తీసేయొచ్చట. అక్కడ విచక్షణ మాటే లేదు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, దీని సంగతి తర్వాత తేల్చాలి.

ఇక 21వ రోజున తీర్పు వచ్చింది. "వ్యాపార అవసరాల దృష్ట్యా మీ నోటీసు కాలాన్ని తగ్గించడం సాధ్యపడదు. కేటీ పూర్తికావడం అత్యంత కీలకం." కేటీ అంటే తెలుసుగా, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, మన బుర్రలో ఉన్న పనిని ఇంకొకరి బుర్రలోకి ఒంపడం. ఒంపడానికి నేను సిద్ధమే. గిన్నె ఏది? "త్వరలో కేటాయిస్తాం" అన్నారు మేనేజరు గారు. నోటీసు కాలం 90 రోజులు పెట్టుకునేది కొత్తమనిషిని వెతికి, చేర్చుకుని, పాతమనిషి పక్కన కూర్చోబెట్టడానికి కదా? ఆ కొత్తమనిషి కోసం ప్రకటన ఇవ్వడానికి అనుమతి కావాలని పెట్టిన దరఖాస్తు కూడా అప్పటికి పరిశీలనలోనే ఉంది. పోనీ వెంటనే దొరికినా, ఆయనకీ అక్కడెక్కడో 90 రోజుల నోటీసు ఉంటుంది. ఆయన వచ్చేసరికి నేనుండను, నేనున్నప్పుడు ఆయన రాడు. అందరూ తలా 90 రోజులు పట్టుకుని కూర్చుంటే ఎవరికీ ఎవరూ అందరన్న ఈ చిన్న లెక్క ఇంత పెద్ద మేధావులకి తట్టదు.

30వ రోజున గిన్నె దొరికింది. పక్క వరసలో కూర్చునే కుర్రాడు. బంగారం లాంటివాడు, నోట్స్ రాసుకుంటాడు, అర్థం కాకపోతే అడుగుతాడు. మొదటిరోజు గంటన్నర చెప్పాక, నీళ్లు తాగుతూ, "అన్నా, ఒక మాట, నేను కూడా పేపర్ వేశాను" అన్నాడు. ఎప్పుడు? నాకంటే 38 రోజుల ముందు. అంటే అతని ఆఖరి రోజు నా లెక్కలో 52వ రోజు. నా పని నేర్చుకుని నేను వెళ్లాక చూసుకోవాల్సిన మనిషి నాకంటే 38 రోజుల ముందు వెళ్లిపోతున్నాడు.

మేనేజరుకి చెప్పాను. ఆయన స్క్రీన్ మీంచి తల ఎత్తకుండా, "ముందు కేటీ ఇచ్చేయండి, షీట్‌లో గ్రీన్ పడాలి, తర్వాత చూద్దాం" అన్నారు.

ఇచ్చాను. పది సెషన్లు, ఐదు పనులు, 42వ రోజుకి పూర్తి. ప్రతి సెషన్‌కీ షీట్‌లో ఒక వరస: ఇచ్చినవారు నేను, పుచ్చుకున్నవారు అతను, తేదీ, ఇద్దరి సంతకం, మేనేజరు ఆమోదం. అన్నీ గ్రీన్. చూడ్డానికి పచ్చటి వరిచేను లాగుంది. వారం తిరక్కుండా ఆ కుర్రాడి నిష్క్రమణ కార్యక్రమం మొదలైంది. అతనూ కేటీ ఇవ్వాలి కదా, అతని చేతిలో ఉన్న పనులన్నిటికీ. అతని చేతిలో ఏ పనులున్నాయి? సిస్టమ్ ప్రకారం నా ఐదు పనులు. జట్టులో ఇంకా మిగిలినవాళ్లెవరు? ఆ పనుల గురించి ఓనమాలైనా తెలిసినవాళ్లెవరు? మేనేజరు గారు చాలాసేపు ఆలోచించి, ఆయన ఆలోచించడం నేను కళ్లారా చూశాను, నా పేరు రాశారు.

అలా 47వ రోజు నుంచి నా పనిని నాకు నేర్పే కార్యక్రమం ఆరంభమైంది. అబద్ధమనుకునేరు, మీటింగ్ ఆహ్వానాలు వచ్చాయండీ క్యాలెండర్‌లో. హాజరు తప్పనిసరి. మొదటిరోజు ఇద్దరం గదిలో కూర్చుని కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "అన్నా, రాత్రి నడిచే ప్రోగ్రాం గురించి చెప్పనా?" అన్నాడు. చెప్పమన్నాను. మాట నిలబెట్టుకోవాలి కదా, చెప్పాడు. నేను చెప్పినదానికంటే బాగానే చెప్పాడు, ఒకచోట నేను మర్చిపోయిన విషయం ఒకటి గుర్తుచేశాడు కూడా, నెలకి 31 రోజులుంటే ఆ ప్రోగ్రాం చివరిరోజు లెక్కని వదిలేస్తుందని, దాన్ని చేత్తో మళ్లీ నడపాలని. నేను నోట్స్ రాసుకున్నాను. ఒక సందేహం కూడా అడిగాను. "మంచి ప్రశ్న" అన్నాడు. మూడోరోజు మేనేజరు గారు గదిలోకి తొంగిచూసి, "ఎలా పికప్ చేస్తున్నారు?" అని అడిగారు. "పర్లేదు సార్, త్వరగానే పట్టేస్తున్నారు" అన్నాడు కుర్రాడు నన్ను చూపిస్తూ. ఆయన తృప్తిగా తలూపి వెళ్లిపోయారు. ఆ తలూపులో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని వెతికాను, లేదు. నిఖార్సయిన తృప్తి.

52వ రోజున ఆ కుర్రాడికి వీడ్కోలు చెప్పి వచ్చి షీట్ తెరిస్తే, ఐదు పనులకీ పుచ్చుకున్నవారి గడిలో నా పేరుంది. నిష్క్రమిస్తున్న ఉద్యోగి నేను, నా వారసుడిని నేను. మొదట ఇచ్చినవాడిని నేను, ఆఖరున పుచ్చుకున్నవాడిని నేను, మధ్యలో వడ్డీ లాగా ఆ 31వ తేదీ విషయం ఒక్కటి కలిసింది. అన్నీ గ్రీన్. నన్ను 90 రోజులు కట్టిపడేసిన "అత్యంత కీలకం" ఇదన్నమాట.

కేటీ పూర్తయింది కాబట్టి ఇక నన్ను వదిలేయొచ్చు కదా అని మళ్లీ మెయిల్ పెట్టాను. ఈసారి తెలివి తెచ్చుకుని బైఅవుట్ మాటెత్తలేదు, మిగిలి ఉన్న 15 రోజుల సెలవుని నోటీసులో సర్దమన్నాను. 58వ రోజున పిలిచి చెప్పారు: 60వ రోజున పంపిస్తాం, తగ్గిన 30 రోజులకీ బైఅవుట్ కట్టాలి, మీరే మొదటి మెయిల్లో ఒప్పుకున్నారు కదా. ఆ ఒక్క లైను మాత్రం ఎంత భద్రంగా దాచుకున్నారో!

ఇప్పుడు లెక్క. నా నెల జీతం 100 అనుకోండి, అందులో బేసిక్ 40. నెలంటే 30 రోజులు. తగ్గిన 30 రోజులకీ వాళ్లు కోసింది మొత్తం జీతం మీద, అంటే 100. సరే, మరి నా 15 రోజుల సెలవు? "సెలవుని నోటీసులో సర్దడం పాలసీలో లేదు, దానికి డబ్బిచ్చేస్తాం" అన్నారు. ఇచ్చారు, బేసిక్ మీద. 40లో సగం, 20. అంటే చివరికి నా జేబులోంచి పోయింది 80. అదే 15 రోజులని నోటీసులో సర్దితే మిగిలేది 15 రోజులు, 50 కట్టేవాణ్ణి. బైఅవుట్‌ని కూడా బేసిక్ మీదే లెక్కగట్టి, సెలవు సర్దితే 20తో పోయేది. అదే మనిషి, అవే రోజులు, 20 నుంచి 80 దాకా ఎంతైనా కావచ్చు. నేను వాళ్లకి బాకీపడ్డ రోజు ఖరీదు మొత్తం జీతంలో ముప్పయ్యో వంతు, వాళ్లు నాకు బాకీపడ్డ రోజు ఖరీదు బేసిక్‌లో ముప్పయ్యో వంతు. కొనేటప్పుడు ఒక తక్కెడ, అమ్మేటప్పుడు ఒక తక్కెడ. వీధిలో ఏ వర్తకుడైనా ఈ పని చేస్తే నలుగురు పోగై నిలదీస్తారు, ఇక్కడ దాన్ని పాలసీ అంటారు. మొదటి మెయిల్లో "బైఅవుట్" పక్కన "బేసిక్ మీద, మిగిలిన సెలవులు సర్దిన తర్వాత" అని ఓ ముక్క రాసి ఉంటే, ఒప్పుకునేవారో లేదో గానీ, కనీసం "మీరే ఒప్పుకున్నారు కదా" అనే మాట వాళ్ల నోట రాకపోయేది.

కొత్త కంపెనీ బైఅవుట్ భరిస్తుందిగా అంటారు. భరిస్తానంది. సెటిల్‌మెంట్ పత్రంలో ఆ కోత విడిగా కనబడితేనే ఇస్తామంది, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలంది. వాళ్లిచ్చేది జీతంతో కలిపి వేస్తే దానిమీద పన్ను కోత మళ్లీ వేరు. అయినా వాళ్లని తిట్టను, కాస్త చెమ్మ ఉన్నవాళ్లే. 45 రోజుల్లో రమ్మని 60 దాకా ఆగారు పాపం. ఆ ఆగుతారో లేదో అన్న రెండు వారాల టెన్షన్‌కి మాత్రం బేసిక్ మీదా, మొత్తం మీదా ఎవరూ లెక్కగట్టలేదు.

ఇన్ని మాటలు పడి ఎందుకు కూర్చున్నావు, లేచి వచ్చేయలేకపోయావా అంటే, రిలీవింగ్ లెటర్. ఆ ఒక్క కాగితం వాళ్ల గుప్పెట్లో ఉంటుంది. అది లేకపోతే తర్వాతి కంపెనీవాళ్లు వెనకటి ఉద్యోగం ఆరా తీసినప్పుడు మన పేరు పక్కన "చెప్పకుండా వెళ్లిపోయాడు" అని పడుతుంది. అందుకే 58వ రోజున నోటిమాటగా "60కి వెళ్లిపోండి" అన్నా నేను కదల్లేదు. మెయిల్ అడిగాను. మెయిల్ వచ్చాక పోర్టల్‌లో ఆఖరి పనిరోజు మారిందో లేదో చూశాను. మారలేదు, 90వ రోజే ఉంది. మెయిల్ ఒకటి చెబుతూ పోర్టల్ ఇంకోటి చెబితే, మనం వెళ్లిన మర్నాటి నుంచి సిస్టమ్ గైర్హాజరు వేసుకుంటూ పోతుంది, సెటిల్‌మెంట్ చేసేవాళ్లకి కనబడేది పోర్టలే. రెండుసార్లు గుర్తుచేస్తే 60వ రోజు సాయంత్రం మార్చారు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇప్పుడు ఆ గుర్తుపెట్టుకోమన్న వాక్యం దగ్గరికి వస్తున్నాను, ఇక్కడ నవ్వు రావట్లేదు.

నేను పేపర్ వేయడానికి ఐదు నెలల ముందు, మా జట్టులోనే ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒకాయన్ని ఉదయం 11 గంటలకి గదిలోకి పిలిచారు. 12కల్లా ఆయన లాప్‌టాప్ తాళం పడింది. ఆయన చేతిలో నాకున్నట్టు ఐదు పనులు కాదు, పద్నాలుగు ఉండేవి, సగం ఆయనకి తప్ప ఎవరికీ తెలీవు. ఏ కేటీ తీసుకున్నారు? ఏ షీట్‌లో గ్రీన్ పడింది? వ్యాపార అవసరాలు ఆరోజు సెలవు పెట్టాయా? 90 రోజుల జీతం మొహాన కొట్టాం కదా అంటారు. కొట్టారు, ఎవరి విచక్షణా అడక్కుండా కొట్టారు. ఆయన "నా అభ్యర్థన పరిశీలించండి, ఈ నెలాఖరుదాకా ఉండి పని అప్పజెప్పి గౌరవంగా వెళ్తాను" అనే వీలు ఎక్కడైనా ఇచ్చారా? బల్ల సొరుగులో ఉన్న సొంత వస్తువులు తీసుకోవడానికి కూడా పక్కన ఒక మనిషిని నిలబెట్టారు. ఎనిమిదేళ్ల మనిషి పని గంటలో అక్కర్లేకపోయినప్పుడు, నా పని 90 రోజుల్లో ఒక్కరోజు తగ్గితే సంస్థ కూలిపోతుందని ఏ మొహం పెట్టుకుని రాస్తారండీ? మీకు కావలసింది కేటీ కాదు. వెళ్లేవాడు సులువుగా వెళ్లాడని మిగతావాళ్లకి తెలియకూడదు, అంతే. ఆ మాట సూటిగా చెప్పండి, సిగ్గుపడకండి, మేమూ సూటిగానే తిట్టుకుంటాం.

సరే. కోపం నాకు మంచిది కాదని డాక్టరు చెప్పారు.

60వ రోజున వచ్చేశాను. కొత్తచోట చేరాను. తొమ్మిదో రోజు సాయంత్రం పాత మేనేజరు గారి దగ్గర్నుంచి ఫోను. ఆ నెలకి 31 రోజులు, ప్రోగ్రాం చివరిరోజు బిల్లుల్ని వదిలేసిందట, క్లయింటు అరుస్తున్నాడట. "షీట్‌లో పుచ్చుకున్నవారు ఎవరని ఉంది సార్?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. కీబోర్డు టకటక వినిపించింది. "మీరే అని ఉందయ్యా" అన్నారు.

వెనకనుంచి హెచ్ఆర్ మేడమ్ గొంతు, లైన్‌లోనే ఉన్నారన్నమాట. "మీరు మొదటి మెయిల్లో రాశారు కదండీ, వెళ్లాక రెండు వారాలు సాయంత్రం ఓ గంట ఫోన్లో ఉచితంగా దొరుకుతానని. ఇంకా ఐదు రోజులు మిగిలున్నాయి."

అంటే ఆ మెయిల్ మొత్తం చదివారు. ఐదు పనులూ, నెలాఖరూ, అన్నీ చదివారు.

"మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది మేడమ్" అని చెప్పి పెట్టేశాను.